పెంపు మనకు, తగ్గింపు బ్యాంకులకా?

రిజర్వు బ్యాంకు 2025 డిసెంబరు 5, శుక్రవారం రెపో రేటును మరో పావు శాతం తగ్గించి 5.25 శాతానికి తెచ్చింది. ఫిబ్రవరి నుంచి ఇది నాలుగో కోత. మొత్తం 1.25 శాతం తగ్గింది. గవర్నర్ సంజయ్ మల్హోత్రా ప్రకటన పూర్తి కాకముందే ఇంటి రుణాలవారికి పండగ అంటూ టీవీల్లో హోరెత్తించారు. ఆ పండగ ఎవరింటి గుమ్మం దాకా వచ్చిందో అడిగేవారు లేరు. 2022లో ఇదే రేటు పెరిగినప్పుడు మాత్రం ఎవరూ అడగాల్సిన పని పడలేదు. ప్రతి ఇంటికీ దానంతటదే వచ్చి కూర్చుంది.

మా అభ్యంతరం రేటు తగ్గించడం మీద కాదు. అక్టోబరులో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయింది. రిజర్వు బ్యాంకు పెట్టుకున్న లక్ష్యం 4 శాతం. ధరలు ఇంత చల్లబడినప్పుడు అప్పును ఖరీదుగా ఉంచడంలో అర్థం లేదు. మా అభ్యంతరమంతా పెంచేటప్పుడు ఒక న్యాయం, తగ్గించేటప్పుడు మరో న్యాయం నడవడం మీద.

రెపో అంటే బ్యాంకులు ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వు బ్యాంకు దగ్గర తీసుకునే స్వల్పకాల అప్పు మీద వడ్డీ. బ్యాంకులు జనానికి ఇచ్చే డబ్బులో ఈ అప్పు వాటా చాలా తక్కువ. అసలు డబ్బు మన డిపాజిట్లదే. అయినా ఈ ఒక్క అంకె దేశాన్నంతా కదిలిస్తుంది. ఎందుకంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు ధర దీని చుట్టూనే తిరుగుతుంది. అక్కడి నుంచి బాండ్లకు, డిపాజిట్లకు, చివరికి మన హోమ్ లోన్‌కు పాకుతుంది. బ్యాంకుల చేతిలో డబ్బు లేకపోతే రెపో ఎంత తగ్గించినా అది కాగితం మీదే మిగులుతుంది. జూన్‌లో అర శాతం కోతతో పాటు, బ్యాంకులు తన దగ్గర ఉంచాల్సిన నగదు నిల్వను 4 శాతం నుంచి విడతలవారీగా 3 శాతానికి తగ్గిస్తున్నట్లు రిజర్వు బ్యాంకు ప్రకటించింది అందుకే. దాంతో రెండున్నర లక్షల కోట్ల రూపాయలు బ్యాంకుల చేతికి వచ్చాయి. కాబట్టి డబ్బు లేదనే సాకు ఈసారి చెల్లదు.

ఇక లెక్కలోకి వద్దాం. 2022 మొదట్లో ఒక ఉద్యోగి 7 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో 30 లక్షల ఇంటి రుణం తీసుకున్నాడనుకుందాం. నెలకు ఈఎంఐ 23,259 రూపాయలు. ఆ ఏడాది మే 4న రిజర్వు బ్యాంకు షెడ్యూలులో లేని సమావేశం పెట్టి మరీ రేటు పెంచింది. సెప్టెంబరు చివరికి పెంపు మొత్తం 1.9 శాతానికి చేరింది. అతని వడ్డీ 8.9 శాతం అయింది. ఈఎంఐని అలాగే ఉంచి గడువు పొడిగిస్తే, 20 ఏళ్లలో తీరాల్సిన అప్పు 35 ఏళ్లు దాటుతుంది. 2023 ఫిబ్రవరికి పెంపు 2.5 శాతం, వడ్డీ 9.5 శాతం. అప్పటికి అసలు ఇంకా 30 లక్షల దగ్గరే ఉంది కాబట్టి ఒక్క నెల వడ్డీయే 23,750 రూపాయల దాకా అవుతుంది. అంటే పాత ఈఎంఐ వడ్డీకే చాలదు. ప్రతి నెలా కడుతున్నా అసలు తరగకపోగా పెరుగుతుంది. ఇలా జరగకూడదని, ఈఎంఐ పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో రుణగ్రహీతనే అడగాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది 2023 ఆగస్టులో. అప్పటికి చివరి పెంపు జరిగి ఆరు నెలలైంది.

చాలామందికి తమ గడువు పెరిగిందనే తెలియలేదు. జేబులోంచి పోయే మొత్తం మారలేదు కాబట్టి గమనించలేదు. రిటైరయ్యాక కూడా కట్టాల్సిన వాయిదాలు ఖాతాలో నిశ్శబ్దంగా చేరిపోయాయి. దీన్ని చిన్న విషయంగా తీసిపారేసేవారు ఆ స్టేట్‌మెంట్ ఒకసారి తెరిచి చూడాలి.

ఇప్పుడు తగ్గింపు లెక్క. 30 లక్షల బాకీ, 20 ఏళ్ల గడువు ఉన్న వ్యక్తికి 9.5 శాతం వడ్డీ మీద ఈఎంఐ 27,964 రూపాయలు. 1.25 శాతం కోత పూర్తిగా అందితే వడ్డీ 8.25 శాతానికి, ఈఎంఐ 25,562 రూపాయలకు దిగాలి. నెలకు 2,400 మిగులుతుంది. ఈఎంఐ తగ్గించుకోకుండా పాతదే కడితే అప్పు దాదాపు మూడేళ్ల తొమ్మిది నెలల ముందే తీరిపోతుంది. రెపో కోత బజారులోకి వచ్చే దారి సరిగ్గా ఇదే. ఆ 2,400 పిల్లల ఫీజుకో, ఫ్రిజ్‌కో, పెళ్లి ఖర్చుకో వెళ్తుంది. చేతిలో కొంచెం వెసులుబాటు చూసి ఇంకొకరు ఫ్లాట్ బుక్ చేస్తారు. ఆగిన అపార్ట్‌మెంట్ పని మళ్లీ మొదలైతే తాపీమేస్త్రీకి, సెంట్రింగ్ పనివాడికి కూలి దొరుకుతుంది. పెంచినప్పుడు ఇదంతా వెనక్కి తిరుగుతుంది. ఖర్చులు ఆగిపోతాయి, సరుకు కదలదు, దుకాణదారు ధర పెంచడానికి జంకుతాడు. ధరలు దిగేది అలాగే. అయితే దీనికి నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏడాది దాటుతుంది. అన్ని ధరలూ దీనికి లొంగవు కూడా. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు మదనపల్లె మార్కెట్‌కు సరుకు రావడమే తగ్గిపోయింది. రెపో రేటు టమాటా పండించలేదు.

అంటే ధరలు దించడానికి 2022లో మూల్యం చెల్లించింది అప్పు తీసుకున్న కుటుంబాలు. ధరలు దిగాక దక్కాల్సిన ఊరట మొదట వాళ్లకే దక్కాలి. జరుగుతున్నది వేరు. రిజర్వు బ్యాంకు సొంత లెక్కల ప్రకారమే, ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా రెపో ఒక శాతం తగ్గితే కొత్త డిపాజిట్ల మీద బ్యాంకులు ఇచ్చే వడ్డీ ఒక శాతానికి పైగా పడిపోయింది. కొత్త రుణాల మీద వసూలు చేసే వడ్డీ తగ్గింది సుమారు 0.7 శాతమే. పింఛను డబ్బు ఎఫ్‌డీలో వేసుకుని బతికే పెద్దాయనకు కోత మొత్తం పడింది. అప్పు కట్టే కుర్రవాడికి అందింది కొంతే. ఎస్‌బీఐ పొదుపు ఖాతా వడ్డీని జూన్‌లోనే 2.5 శాతానికి దించేసింది. 2022లో రెపోకు ముడిపడిన అప్పుల వడ్డీ వెంటవెంటనే ఎగబాకితే, డిపాజిట్ల వడ్డీ మాత్రం తీరిగ్గా కదిలింది. రేటు ఎటు కదిలినా ఆలస్యం మాత్రం ఎప్పుడూ జనం వైపే పడుతోంది.

పాత డిపాజిట్ల మీద ముందే ఒప్పుకున్న వడ్డీ గడువు తీరేదాకా ఇవ్వాలి కదా, అప్పు వడ్డీ ఒక్కసారిగా తగ్గిస్తే మేం నష్టపోమా అని బ్యాంకులు అంటాయి. పాత డిపాజిట్ల ఖర్చు అక్టోబరు దాకా 0.3 శాతమే తగ్గిన మాట నిజం. మరి 2022లో బ్యాంకుల దగ్గరున్నవి కూడా చవకగా తీసుకున్న పాత డిపాజిట్లే కదా! ఖర్చు పెరగకముందే రుణాల వడ్డీ పెంచినప్పుడు ఈ వాదన ఎక్కడికి పోయింది? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టుంది ఈ లెక్క.

ఈ రోగం రిజర్వు బ్యాంకుకు తెలియనిది కాదు. రుణాల వడ్డీకి ప్రాతిపదికగా 2010లో బేస్ రేటు తెచ్చింది, 2016లో బ్యాంకు నిధుల ఖర్చును బట్టి కట్టే ఎంసీఎల్ఆర్ తెచ్చింది. ఈ రెండిట్లోనూ రేటును లెక్కగట్టేది బ్యాంకే, కాబట్టి తగ్గింపు దారిలోనే ఇంకిపోయేది. చివరికి 2019 అక్టోబరు నుంచి కొత్త ఇంటి రుణాలు, చిన్న పరిశ్రమల రుణాల్లో వడ్డీ మారుతుండే ఫ్లోటింగ్ రుణాలను రెపో వంటి బయటి రేటుకు ముడిపెట్టాలని, మూడు నెలలకోసారైనా సవరించాలని కట్టడి చేసింది. అది మంచి పని. ఆ గొడుగు కిందున్నవారికి తగ్గింపు అందుతోంది కూడా. కానీ ఎంసీఎల్ఆర్‌లోనే ఉండిపోయిన పాత రుణగ్రహీతలు ఆ గొడుగు బయటే ఉన్నారు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల్లో, ఇతర ఫైనాన్స్ కంపెనీల్లో అప్పు చేసినవారికి ఆ నిబంధనే వర్తించదు. బ్యాంకు గడప ఎక్కలేక, జీతం స్లిప్పు చూపలేక అక్కడికి వెళ్లినవారూ వీరిలో ఉన్నారు. ఇక బంగారం కుదువపెట్టిన రైతుకు, 20 శాతం పైబడిన వడ్డీకి మైక్రోఫైనాన్స్ అప్పు తెచ్చుకున్న మహిళకు రెపో అనే మాటతో సంబంధమే ఉండదు. ఎంత చిన్న అప్పు అయితే తగ్గింపు అంత దూరం.

గొడుగు కిందున్నవారూ ఒకటి చూసుకోవాలి. రెపో మీద బ్యాంకు వేసుకునే అదనపు శాతం కొత్త కస్టమర్‌కు ఒకటి, పాత కస్టమర్‌కు ఒకటి ఉంటుంది. పక్కింటాయన నిన్న తీసుకున్న అప్పు మీ అప్పు కంటే అర శాతం చవకైతే కారణం ఈ తేడానే కావచ్చు. అడిగితే, చిన్న ఫీజు తీసుకుని మార్చే బ్యాంకులున్నాయి. అడగనివారి సంగతి? తగ్గింపు హక్కు అయినప్పుడు దానికి దరఖాస్తు ఎందుకు పెట్టుకోవాలి? పెంచినప్పుడు ఎవరి దగ్గరా దరఖాస్తు తీసుకోలేదే!

రిజర్వు బ్యాంకు చేయాల్సింది స్పష్టంగానే ఉంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల ఫ్లోటింగ్ రుణాలనూ బయటి రేటుకు ముడిపెట్టాలి. ఎంసీఎల్ఆర్‌లో మిగిలినవారిని ఫీజు లేకుండా మార్చాలి. 2022లో గడువు పొడిగించిన ప్రతి ఖాతాలో ఇప్పటి కోతతో ఎన్ని నెలలు వెనక్కి వచ్చాయో రుణగ్రహీతకు తెలుగులో, అతనికి అర్థమయ్యే అంకెల్లో చెప్పించాలి. కట్టిన అసలు, వడ్డీ, మిగిలిన వాయిదాల సంఖ్యతో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ అందుబాటులో ఉంచాలని 2023 ఆదేశాల్లోనే ఉంది. అది ఏ బ్యాంకులో ఎంతమందికి చేరిందో తనిఖీ చేసి, బ్యాంకుల పేర్లతో సహా బయటపెట్టాలి. రేటు పెంచడానికి షెడ్యూలులో లేని సమావేశం పెట్టుకోగలిగిన సంస్థ, ఈ పనికి వచ్చే సమీక్ష దాకా ఆగుతామంటే ఒప్పుకునేది లేదు.