కనుబొమ్మలు ఇంకొంచెం లేపమనే వాళ్లకి

"ఫీల్ రావట్లేదు, కనుబొమ్మలు ఇంకొంచెం లేపు." 3D యానిమేషన్‌లో ముఖాలు కదిలించే నేను ఈ నెలలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఈరోజు ఇక ఇక్కడ కక్కేస్తున్నాను.

షాట్ ఇది. అమ్మ ఫోన్‌లో మాట్లాడుతోంది. సంక్రాంతికి రాలేనని కొడుకు చెబుతాడు. ఆవిడ నవ్వి "పర్లేదులే నాన్నా, పని చూసుకో" అంటుంది. క్లోజప్, 4 సెకన్లు, అంటే 96 ఫ్రేములు. డైలాగ్ లేకుండా చూసినా ఆవిడ మనసు నొచ్చుకుందని తెలియాలి.

ఫీడ్‌బ్యాక్ విని, కనుబొమ్మల లోపలి కొసలను లేపే browInnerUp స్లైడర్‌ని 0.8 దాకా లాగాను. బిర్యానీ ప్లేటు ముందు కూర్చున్న కుక్కపిల్లలా తయారైంది మా అమ్మ.

ఎందుకంటే ఆవిడ బాధను చూపించట్లేదు, దాస్తోంది. దాచేటప్పుడు నుదుటి మీద రెండు కండరాలు కొట్టుకుంటాయి. నుదుటి మధ్యభాగం కనుబొమ్మ లోపలి కొసను పైకి లాగుతుంది. ముడి వేసే కండరం అదే కొసను కిందికి, లోపలికి లాగుతుంది. ముఖ కదలికలకు నంబర్లిస్తూ ఎక్మన్, ఫ్రీజన్ 1978లో తెచ్చిన ఫాక్స్ పద్ధతిలో వీటి నంబర్లు 1, 4. రెండూ కలిస్తే కొస కాస్తే లేస్తుంది, కానీ ఏటవాలుగా లేస్తుంది, మధ్యలో సన్నటి ముడి పడుతుంది. నేను పెట్టింది ఒట్టి 1. అది బతిమాలే ముఖం.

సరే, కనుబొమ్మను దించే browDown కూడా కలుపుదాం అనుకుంటే అక్కడ ఇంకో తంటా. ఇవన్నీ బ్లెండ్ షేపులు, బ్లెండ్ షేప్‌కి కండరమంటే ఏంటో తెలియదు. ప్రతి పాయింటును ఇంత దూరం జరపమని మాత్రమే దానికి తెలుసు. ఒకటి పైకి, ఒకటి కిందికి జరిపితే రెండూ కూడుకుని కొట్టేసుకుంటాయి. నుదురు చచ్చుగా పడి ఉంటుంది. బొమ్మకి ఈ కంట్రోళ్లు అమర్చే మా రిగ్గర్ దగ్గరికెళ్లి "అన్నా, ఈ రెండూ కలిస్తే ముఖం బండబారిపోతోంది" అన్నాను. రెండూ కలిసినప్పుడు మాత్రమే మేలుకునే కరెక్టివ్ షేప్ ఒకటి విడిగా చెక్కి ఇచ్చాడు. ఆ తర్వాత browInnerUp 0.25, రెండు browDown లూ 0.15 పెడితే సరిపోయింది.

కానీ అసలు సంగతి కనుబొమ్మల్లో లేదు, రెప్పల్లో ఉంది. మామూలుగా పైరెప్ప నల్లగుడ్డు పై అంచును కాస్త కప్పి ఉంటుంది. దాని పైన తెల్లగుడ్డు కనిపించిందా, చూసేవాళ్లకి భయమో ఉలికిపాటో తోస్తుంది. నా మొదటి వెర్షన్‌లో కనుబొమ్మ షేపు పైరెప్పను కూడా లాక్కెళ్లింది. ఎవరూ గమనించలేదు. పైరెప్పను eyeBlink తో 0.12 దించి, కిందిరెప్పను eyeSquint తో 0.2 బిగించాను. కన్నీళ్లు ఆపుకుంటున్నట్టు అప్పుడొచ్చింది. mouthSmile 0.3 ఉంచి, బుగ్గలు లేపే cheekSquint సున్నా చేశాను, నవ్వు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆవిడ నవ్వు అలాంటిదే కదా.

ఒక్క జాగ్రత్త. రెప్ప పాయింట్లు తిన్నగా దిగుతాయి, గుడ్డేమో గుండ్రం. eyeBlink 0.5 దగ్గర పెట్టి పక్కనుంచి చూడండి. రెప్పలోంచి గుడ్డు పొడుచుకొస్తే ఆ సగం దగ్గర రెప్పను గుడ్డు మీదుగా నడిపే ఇన్-బిట్వీన్ షేప్ లేనట్టే. దాన్ని మీరు యానిమేషన్‌లో సర్దకండి, రిగ్గర్‌కే పంపండి.

ఇక టైమింగ్. మొదట అన్ని కదలికల కీఫ్రేములూ 36వ ఫ్రేములోనే పెట్టాను. లైట్ స్విచ్ వేసినట్టు ముఖం మారింది. మళ్లీ విడదీశాను. కొడుకు మాట 30లో అయిపోతుంది. 34 దాకా ఆవిడలో ఏ కదలికా లేదు. తర్వాత చూపు రెండే ఫ్రేముల్లో కిందికి పడుతుంది, పైరెప్ప దానితోపాటే దిగుతుంది. 40లో కిందిరెప్ప బిగుసుకుంటుంది. 46లో కనుబొమ్మలు, ఎడమది రెండు ఫ్రేములు ఆలస్యంగా. (browInnerUp రెండు వైపులకీ ఒకటే, కాబట్టి ఆ తేడా browDown లతోనే తెచ్చుకోవాలి.) చూపు మళ్లీ పైకొచ్చి, 52లో నవ్వు, 56లో మాట. 70లో ఒక రెప్పపాటు. దిగడానికి 3 ఫ్రేములు, లేవడానికి 5. లేచాక పాత చోటికి రాదు, ఒక పిసరు కిందే ఆగుతుంది.

న్యాయంగా చెప్పాలంటే, నడుము దాకా కనిపించే షాట్‌లో ఇవేవీ ఆనవు. అక్కడ తల వంపు, ఊపిరి పని చేస్తాయి, కనుబొమ్మను కాస్త పెంచమన్నా నేను ఒప్పుకుంటాను. క్లోజప్‌లో మాత్రం ఒప్పుకోను.

మొన్న ఈ వెర్షన్ చూపిస్తే మళ్లీ అదే మాట: "బాగుంది, కనుబొమ్మ ఇంకొంచెం." సరే సార్ అని వచ్చి కనుబొమ్మను ముట్టుకోలేదు. పైరెప్పను ఇంకో 0.03 దించాను. రెప్పకీ కనుబొమ్మకీ మధ్య జాగా పెరిగింది, అంతే. సాయంత్రం చూసి, "చూశావా, కనుబొమ్మ లేపితే ఎంత తేడా వచ్చిందో" అన్నారు. షాట్ అప్రూవ్ అయింది.