ఎన్ఓసీ తేవాల్సింది ఓనర్ అయితే తిరగాల్సింది నేనా?

అడ్వాన్స్ చేతిలో పడేటప్పుడు "మీరు మా అమ్మాయి లాంటివారమ్మా, ఏం కావాలన్నా ఫోన్ చేయండి" అన్నారు మా కొత్త ఓనర్ గారు. ఈ రోజు మధ్యాహ్నం నిజంగా అవసరం పడి చేస్తే "అసోసియేషన్ గొడవలు నాకు చెప్పకండి, మీరే వెళ్ళి మాట్లాడుకోండి" అని పెట్టేశారు. అప్పటికి మా సామాన్ల బండి గేటు బయట ఎండలో నిలబడి ఉంది. ఎన్ఓసీ లేదని సెక్యూరిటీ వాళ్ళు లోపలికి వదలలేదు. వాళ్ళని ఏమీ అనను, వాళ్ళ ఉద్యోగం అది. నా కోపమంతా ఓనర్ మీదే.

అద్దెకి ఉండేవాళ్ళందరికీ ఇది తెలిసిందే. హైదరాబాద్‌లో ఏ గేటెడ్ కమ్యూనిటీకి వెళ్ళినా ఇంట్లో అడుగు పెట్టే ముందు అసోసియేషన్ నుంచి ఎన్ఓసీ తెచ్చుకోవాలి. రెంటల్ అగ్రిమెంట్ కాపీ, అందరి ఆధార్‌లు, ఫోటోలు, బండి నంబర్లు, పోలీస్ వెరిఫికేషన్ కాగితం, మూవ్-ఇన్ ఛార్జీ, ఇవన్నీ నేను ఇచ్చేశాను. మిగిలినవి రెండే, రెండూ ఓనర్ చేయాల్సినవే. ఫలానా వాళ్ళకి ఫ్లాట్ అద్దెకిచ్చాను అని అసోసియేషన్ దగ్గర రిజిస్టర్ అయిన మెయిల్ ఐడీ నుంచి ఒక మెయిల్ పెట్టాలి. ఫ్లాట్ మీద మెయింటెనెన్స్ బకాయి లేకుండా చూడాలి. అంతే.

ఆ మెయిల్ ఎందుకు రాలేదో ఈ రోజు ఎస్టేట్ ఆఫీసులో తెలిసింది. ఆయన ఇచ్చిన మెయిల్ ఐడీ పాత కంపెనీది. ఆయన రిటైరయ్యాక అది పోయింది. కొత్త ఐడీ ఎక్కించాలంటే సంతకం పెట్టిన ఉత్తరం, గుర్తింపు కార్డు, సేల్ డీడ్ మొదటి పేజీ కాపీ ఆఫీసులో ఇవ్వాలి. ఒక పూట పని. మరి ఎందుకు చేయరు? మేనేజర్ కంప్యూటర్ స్క్రీన్ నావైపు తిప్పి చూపించారు. ఫ్లాట్ నంబర్ పక్కన ఎర్ర అక్షరాల్లో ఐదు నెలల బకాయి. 1,650 చదరపు అడుగుల ఫ్లాట్, అడుగుకి 4 రూపాయల చొప్పున నెలకి 6,600. ఐదు నెలలకి 33,000. ఆయన నా దగ్గర తీసుకునే నెల అద్దె కంటే వెయ్యి ఎక్కువ! ఆఫీసుకి ఉత్తరం పట్టుకొస్తే ముందు ఈ లెక్క తేల్చమంటారని ఆయన భయం. బాత్రూమ్ గోడ లీకేజీ గురించి అసోసియేషన్‌తో ఏదో పాత తగాదా ఉందట, అందుకే మెయింటెనెన్స్ ఆపేశారట. కొట్లాడుకోండి సార్, మీ హక్కు. కానీ మధ్యలో నా వంట సామాను, మా అత్తగారి మంచం ఏం పాపం చేశాయి?

ఈ ఓనర్లకి ఒక్క విషయం అర్థం కాదు. అసోసియేషన్ అంటే ఫ్లాట్ ఓనర్ల సంఘం. మన దగ్గర దాన్ని సొసైటీగానో పరస్పర సహాయ సహకార సంఘంగానో రిజిస్టర్ చేయిస్తారు. అందులో సభ్యుడు ఓనర్, ఓటు ఓనర్‌ది, మీటింగుల్లో నోరెత్తే హక్కు ఓనర్‌ది. నేను ఆఫీసుకి వెళ్ళి ఎంత అరిచినా "మేడమ్, ఓనర్‌ని మాట్లాడమనండి" అంటారు. ఆ మాట తప్పు కూడా కాదు. నన్ను "మీరే మాట్లాడుకోండి" అనడమంటే, గొంతు లేని చోటికి పంపించి మాట్లాడమనడమే. పైగా అద్దె మాత్రం అగ్రిమెంట్‌లో రాసిన తేదీ నుంచే లెక్క. ఇల్లు నాది కాకముందే అద్దె మొదలైపోయింది.

అసోసియేషన్ వాళ్ళు కూడా తక్కువ తినలేదు. ఓనర్ బాకీ ఉంటే ఓనర్ గొంతు పట్టుకోవాలి, అది వాళ్ళకి కష్టం. అద్దెకొచ్చేవాడి బండి ఆపితే చాలు, డబ్బు అదే వస్తుంది. పుణెలో ఉండే మా అన్నయ్య ఒకటి చెప్పాడు. మహారాష్ట్ర సహకార హౌసింగ్ సొసైటీల్లో ఓనర్ తాను ఉండకుండా అద్దెకిస్తే వసూలు చేసే ఛార్జీ, సర్వీస్ ఛార్జీల్లో 10 శాతం దాటకూడదని ప్రభుత్వం 2001లోనే ఆదేశం ఇచ్చిందట. ఇక్కడ మూవ్-ఇన్ ఛార్జీ ఎంత అనేది కమిటీ మూడ్‌ని బట్టి. లిఫ్ట్‌లో గీతలు పడతాయని తీసుకుంటారు, అడిగితే రసీదు మాత్రం ఇస్తారు, వెనక్కి ఇవ్వరు.

అసలు నా కడుపు మంట ఈ ఓనర్‌తోనే మొదలవలేదు. పాత ఫ్లాట్ ఖాళీ చేసేటప్పుడు కూడా ఇదే ఎన్ఓసీ. అవును, సామాను లోపలికి రావడానికే కాదు, బయటికి పోవడానికీ కావాలి. ఓనర్ ఓకే అంటేనే గేటు తెరుస్తారు. ఆ మహానుభావుడు ఏం చేశాడో తెలుసా? గోడలకి పెయింటింగ్ కింద ఒక నెల అద్దె అడ్వాన్స్‌లోంచి కోసుకుంటానని, దానికి నేను వాట్సాప్‌లో "సరే" అని పెడితేనే మెయిల్ పంపుతానని కూర్చున్నాడు. పాప గీసిన పెన్సిల్ గీతలు హాల్లో ఒక్క గోడ మీద ఉన్నాయి, ఆ గోడకి రంగు వేయిస్తానన్నాను. ఒప్పుకోలేదు. లారీ కింద ఆగి ఉంది, లిఫ్ట్ టైమ్ సాయంత్రం 5కి అయిపోతుంది, ఆ మర్నాడు ఆదివారం, షిఫ్టింగ్‌కి ఒప్పుకోరు. "సరే" అని పెట్టాను. ఆ రెండక్షరాలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి, చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మన సామాను తాళం వేరేవాడి చేతిలో పెడితే వాడు వాడకుండా ఉంటాడా?

ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ళు దయచేసి వినండి. టోకెన్ ఇచ్చే ముందే ఎస్టేట్ ఆఫీసుకి వెళ్ళి ఫ్లాట్ నంబర్ చెప్పి, బాకీ ఉందా, ఎన్ఓసీకి ఓనర్ ఏం పంపాలి అని అడగండి. వివరాలు మీకు చెప్పం అంటే, బాకీ లేదని ఓనర్ చేత కాగితం తెప్పించమనండి. బ్రోకర్ "అవన్నీ చూసుకుంటాం" అంటాడు. చూసుకోడు, కమిషన్ అందాక ఫోన్ ఎత్తడు. అగ్రిమెంట్‌లో రెండు వాక్యాలు రాయించండి: ఎన్ఓసీ వచ్చి తాళాలు ఇచ్చిన రోజు నుంచే అద్దె మొదలు, పాత మెయింటెనెన్స్ బకాయి ఓనర్‌దే, అద్దెకున్నవాళ్ళు కట్టాల్సి వస్తే అద్దెలో సర్దుకోవచ్చు. రెండో వాక్యం రాయడానికి ఓనర్ నసిగితే బాకీ ఉన్నట్టే.

గతిలేక మీరే కట్టాల్సి వస్తే ఓనర్ చేతికి ఇవ్వకండి. నేరుగా అసోసియేషన్ ఖాతాకి వేసి, ఏ నెలల బకాయో రాసిన రసీదు తీసుకోండి. అద్దెలో మినహాయించుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఓనర్ దగ్గర మెసేజ్ వచ్చాకే వేయండి. నోటి మాట మీద వేస్తే తర్వాత "నేను కట్టమన్నానా?" అంటారు.

ఇప్పుడు సామానంతా మూవర్స్ వాళ్ళ గోడౌన్‌లో పడుంది, దానికి అద్దె, బండికి హాల్టింగ్ ఛార్జీ. రాత్రి ఓనర్‌కి మెసేజ్ పెట్టాను. 33,000 నేను కడతాను, వచ్చే నెల అద్దె ఇవ్వను, మిగిలిన వెయ్యి ఆపై నెలలో తగ్గిస్తాను, గోడౌన్ బిల్లు మీదే, ఆఫీసుకి ఉత్తరం మీరే తేవాలి అని. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రేపు ఆఫీసు తెరిచే టైముకి ఆయన ఇంటి ముందు ఉంటాను, ఉత్తరం టైప్ చేయించి, పెన్ను కూడా పట్టుకుని.