రూపాయి వడ్డీకి కోల్డ్ స్టోరేజీ, రూపాయిన్నర వడ్డీకి కారం మిల్లు

గుంటూరు శివార్లలో ఎకరం స్థలం. పొలం అమ్మగా చేతికొచ్చిన 5 కోట్లు. నాకు అన్న వరసయ్యే ఆయన కొడుకులిద్దరూ ఈ రెండింటినీ పెట్టుకుని ఆరు నెలలుగా వాదించుకుంటున్నారు. పెద్దవాడు మిర్చి కోల్డ్ స్టోరేజీ కడదామంటాడు. చిన్నవాడు కారం మిల్లు పెట్టి, ప్యాకింగ్ చేసి అమ్ముదామంటాడు. స్థలం ఒక్కటే కాబట్టి రెండూ కుదరవు. ప్రాజెక్ట్ రిపోర్టులు రాయించారు. అవి చేతికొచ్చాక గొడవ తీరలేదు సరికదా, ఇంకా ముదిరింది. ఒక లెక్క అన్నను గెలిపిస్తోంది, ఇంకో లెక్క తమ్ముణ్ని గెలిపిస్తోంది. రిపోర్టులు పట్టుకుని ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు.

అర్థం కావడానికి అంకెలను కాస్త గుండ్రం చేసి చెబుతాను. మిల్లుకు పెట్టుబడి కోటి. ఖర్చులన్నీ పోను ఏడాదికి 32 లక్షల చొప్పున పదేళ్లు మిగులుతుంది. కోల్డ్ స్టోరేజీకి పెట్టుబడి 5 కోట్లు. ఏడాదికి కోటీ 15 లక్షల చొప్పున పదేళ్లు మిగులుతుంది. పన్నులనూ, పదేళ్ల తర్వాత పాత యంత్రాలకు వచ్చే ధరనూ పక్కన పెట్టాం.

రిపోర్టులో మొదటి కొలమానం ఐఆర్‌ఆర్, అంటే అంతర్గత రాబడి రేటు. ఆ పదేళ్ల రాబడినంతా ఏ వడ్డీ రేటుతో వెనక్కి లెక్కగడితే సరిగ్గా పెట్టుబడికి సమానమవుతుందో, ఆ రేటే ఐఆర్‌ఆర్. మిల్లుకు అది 29.6 శాతం వచ్చింది. కోల్డ్ స్టోరేజీకి 18.9 శాతమే. తమ్ముడు ఈ పేజీ దగ్గరే ఆగిపోయాడు.

రెండోది ఎన్‌పీవీ, అంటే నికర ప్రస్తుత విలువ. వచ్చే ఏడాది చేతికందే 112 రూపాయలు రూపాయి వడ్డీ లెక్కన ఇవాళ్టి 100 రూపాయలతో సమానం. ఇలా ప్రతి ఏటి రాబడినీ ఇవాళ్టి విలువకు తెచ్చి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేదే ఎన్‌పీవీ. వీళ్ల కుటుంబం చేతిలో డబ్బుంటే తెలిసిన వ్యాపారులకు నూటికి రూపాయి వడ్డీకి ఇస్తుంది. ఏడాదికి 12 శాతమన్నమాట. ఆ రేటుతో చూస్తే మిల్లు మిగిల్చేది 80.8 లక్షలు, కోల్డ్ స్టోరేజీ మిగిల్చేది 149.8 లక్షలు. ఈ పేజీ పెద్దవాడిది.

"రెండూ సరైన లెక్కలే అయితే, రెండు జవాబులెలా వస్తాయి బాబాయ్?" అన్నాడు చిన్నవాడు. అడగాల్సిన ప్రశ్నే అది.

ఐఆర్‌ఆర్ ఒక శాతం. వంద రూపాయల మీద ముప్పై వచ్చిందని చెబుతుందే తప్ప, ఆ వందలు ఎన్ని అన్నది దానికి పట్టదు. ఎన్‌పీవీ రూపాయల్లో మాట్లాడుతుంది. కోటి మీద దాదాపు 30 శాతం, 5 కోట్ల మీద దాదాపు 19 శాతం, ఈ రెండింటిలో ఏది మేలో తేలాలంటే ముందు ఇంకో సంగతి తెలియాలి: మిల్లు పెడితే మిగిలిపోయే 4 కోట్లు ఏం చేస్తాయి? తమ్ముడి రిపోర్టులో ఆ 4 కోట్ల ఊసే లేదు. అవి అక్కడితో మాయమైపోయినట్టే ఉంది.

అందుకని ఆ 4 కోట్లనే ఒక ప్రాజెక్టుగా చూద్దామన్నాను. కోల్డ్ స్టోరేజీలోంచి మిల్లును తీసేస్తే మిగిలేది ఇది: ఇవాళ అదనంగా 4 కోట్లు పెట్టడం, దానికి పదేళ్లపాటు ఏటా అదనంగా 83 లక్షలు రావడం. ఈ తేడాకు ఐఆర్‌ఆర్ కడితే 16.1 శాతం వచ్చింది. నా దృష్టిలో రెండు రిపోర్టుల్లోని అంకెలన్నింటికంటే పనికొచ్చే అంకె ఇదే. కానీ దీన్ని ఎవరూ రాయలేదు.

ఆ రేటుకు ఒక ప్రత్యేకత ఉంది. డబ్బు ఖరీదు, అంటే అదే డబ్బుకు బయట వచ్చే వడ్డీ, దగ్గర దగ్గర 16 శాతం ఉంటే మిల్లు, కోల్డ్ స్టోరేజీ రెండూ 55 లక్షల చుట్టుపక్కలే మిగులుస్తాయి. అంతకంటే తక్కువ రేటైతే కోల్డ్ స్టోరేజీ ముందుంటుంది, ఎక్కువైతే మిల్లు ముందుంటుంది. 18 శాతం దగ్గర చూడండి: మిల్లుకు 43.8 లక్షలు, కోల్డ్ స్టోరేజీకి 16.8 లక్షలు. గ్రాఫు గీస్తే రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే ఆ చోటును అర్థశాస్త్రవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరుతో పిలుస్తారు. మన లెక్కలో చెప్పాలంటే రూపాయి వడ్డీ రోజుల్లో కోల్డ్ స్టోరేజీ, రూపాయిన్నర వడ్డీ రోజుల్లో మిల్లు. ఐఆర్‌ఆర్ వరస మాత్రం ఏ వడ్డీ దగ్గరైనా మారదు. ఎప్పుడూ మిల్లే ముందు అంటుంది. బయట డబ్బు ఖరీదు ఎంతో అడగకుండానే తీర్పు చెప్పేస్తుంది కాబట్టే దాని ర్యాంకును నేను నమ్మను.

శాతాల దగ్గర నమ్మకం కుదరనివాళ్లకు పదేళ్ల తర్వాత చేతిలో ఎంత ఉంటుందో చూపించడం మంచిది. వచ్చిన ప్రతి రూపాయినీ 12 శాతానికి తిప్పుతూ పోయామనుకుందాం. కోల్డ్ స్టోరేజీ దారిలో పదో ఏడు చివరికి 20.18 కోట్లు పోగవుతాయి. మిల్లు దారిలో మిల్లు రాబడి 5.62 కోట్లు అవుతుంది. వడ్డీకి తిప్పిన 4 కోట్లు 12.42 కోట్లవుతాయి. మొత్తం 18.04 కోట్లు. తేడా 2 కోట్ల పైచిలుకు. పెద్దవాడి ముఖం వెలిగిపోయింది. చిన్నవాడు కాగితం లాక్కుని మళ్లీ తనే కూడుకున్నాడు.

ఇక్కడ చాలామంది చెప్పే వివరణ ఒకటుంది. ప్రాజెక్టులోంచి ఏటా వచ్చే డబ్బు మళ్లీ అదే రేటుకు పెట్టుబడి అవుతుందని ఐఆర్‌ఆర్ అనుకుంటుందట, అందుకే మోసం జరుగుతుందట. కొంతవరకు నిజమే. కోటి రూపాయలు ఏటా 29.6 శాతం చొప్పున చక్రవడ్డీతో పెరిగితే పదేళ్లకు 13 కోట్లు దాటాలి. మనకు తేలింది 5.62 కోట్లే. ఏటా వచ్చే 32 లక్షలను ముప్పై శాతానికి తిప్పే చోటు దొరకదు, ఎందుకంటే అదే మిల్లులో ఇంకో 32 లక్షలు కుక్కితే గిరాకీ ఆ మేరకు పెరగదు. 12 శాతానికే తిప్పామని సరిచేస్తే మిల్లు అసలు రేటు 18.8 శాతానికి దిగుతుంది. కానీ అలాగే సరిచేస్తే కోల్డ్ స్టోరేజీ రేటు కూడా 15 శాతానికి దిగుతుంది. అంటే సరిచేసిన తర్వాత కూడా శాతాల వరసలో మిల్లే ముందు! తిరిగి పెట్టుబడి పెట్టే రేటును సవరిస్తే గొడవ తీరుతుందని చెప్పేవాళ్లు ఈ సంగతి గమనించరు. ఈ కేసులో అసలు కారణం పెట్టుబడి సైజు. సైజు తేడాను ఏ శాతమూ చూపలేదు. రెండింటికీ పెట్టుబడి ఒకటే అయి, ఒకటి డబ్బు త్వరగానూ మరొకటి ఆలస్యంగానూ ఇచ్చే సందర్భాల్లో అయితే ఆ సవరణ నిజంగానే పనిచేస్తుంది.

అలాగని ఐఆర్‌ఆర్ పనికిరాదని అనడం లేదు. ఎదుట ఒకే ప్రాజెక్టు ఉండి, మొదట పెట్టుబడి, తర్వాత రాబడి అన్న మామూలు వరసలో డబ్బు కదులుతుంటే, చేయాలా వద్దా అన్న ప్రశ్నకు రెండు కొలమానాలూ ఒకే జవాబిస్తాయి. ఇక్కడ మిల్లు, కోల్డ్ స్టోరేజీ రెండూ 12 శాతాన్ని దాటాయి, రెండూ మంచివే. ఒకదాన్ని ఎంచుకుంటే రెండోది వదులుకోవాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది.

ఎక్సెల్‌లో చేసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. నాకు వచ్చిన రిపోర్టుల్లో తరచూ కనిపించే తప్పు ఇది. NPV ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకెను ఏడాది తర్వాత వచ్చేదిగా లెక్కిస్తుంది. ఇవాళ పెట్టే పెట్టుబడిని కూడా అందులోనే కలిపేస్తే మొత్తం ఒక ఏడాది వెనక్కి జరిగి, కోల్డ్ స్టోరేజీ 149.8 లక్షలకు బదులు 133.7 లక్షలు చూపిస్తుంది. పెట్టుబడిని విడిగా కలపాలి. B నిలువు వరసలో మిల్లు, C లో కోల్డ్ స్టోరేజీ, రెండో అడ్డు వరసలో మైనస్ గుర్తుతో పెట్టుబడి, D లో C మైనస్ B ఉంటే:

```
=NPV(12%,B3:B12)+B2
=NPV(12%,C3:C12)+C2
=IRR(D2:D12)
```

మూడో లైను తేడా రేటు. రెండు రిపోర్టులు విడివిడిగా రాయించినవాళ్లకు ఇది ఎక్కడా కనిపించదు, ఎందుకంటే ఏ రిపోర్టుకూ రెండోది ఉన్నట్టే తెలియదు. బ్యాంకు అడిగే ప్రశ్న కూడా వేరు. తన అప్పు తీరుతుందా లేదా అన్నదే దానికి ముఖ్యం. రెండు దారుల్లో ఏది కుటుంబానికి ఎక్కువ మిగులుస్తుందన్నది యజమాని తనంతట తాను వేసుకోవాల్సిన లెక్క.

తమ్ముడు తేలిగ్గా వదల్లేదు. "ఆ 4 కోట్లకు ఇంకెక్కడైనా 20 శాతం వచ్చే వ్యాపారం దొరికితే?" అన్నాడు. దొరికితే వాడిదే గెలుపు. అప్పుడు డబ్బు ఖరీదు 12 కాదు, 20. కానీ అది నిజంగా దొరకాలి, అంతే రిస్కుతో, అంతే మొత్తానికి దొరకాలి. పది లక్షలకు దొరికే 20 శాతాన్ని 4 కోట్లకు అంటగట్టకూడదు. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్లో పడేసి కూర్చునేట్టయితే 16 దరిదాపుల్లోకి కూడా రాదు.

అన్నకూ ఒక మాట చెప్పాను. ఎన్‌పీవీ గెలిచిందంటే, దానిలోకి వెళ్లిన అంకెలు నిజమైనంత మేరకే గెలిచింది. కోల్డ్ స్టోరేజీ ఏటా మిగిల్చేది 115 లక్షల నుంచి దాదాపు 103 లక్షలకు పడితే చాలు, 12 శాతం దగ్గర కూడా రెండూ సమానమైపోతాయి. అంటే పదో వంతుకు కాస్త ఎక్కువ తగ్గినా వరస తిరగబడుతుంది. మిర్చి సంగతి మనకు తెలియనిది కాదు. పంట బాగా వచ్చి ధర పడిన ఏడు మిర్చి బస్తాలు, అదే టిక్కీలన్నీ స్టోరేజీకే వస్తాయి. పంట తగ్గి ధర పలికిన ఏడు రైతు యార్డులోనే అమ్ముకుని ఇంటికి పోతాడు, గదులు సగం ఖాళీగా ఉన్నా అమ్మోనియా కంప్రెసర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు బిల్లు వస్తూనే ఉంటుంది. రిపోర్టులో మాత్రం పదేళ్లూ ఒకే అంకె.

ఇప్పుడు వాళ్ల వాదన మారింది. ఐఆర్‌ఆర్ గొప్పదా, ఎన్‌పీవీ గొప్పదా అని కొట్టుకోవడం మానేశారు. పెద్దవాడు చుట్టుపక్కల స్టోరేజీల వాళ్లను పట్టుకుని, గడిచిన ఐదారేళ్లలో ఏ ఏడు ఎన్ని టిక్కీలు నిండాయో అడుగుతూ తిరుగుతున్నాడు. 103 లక్షల గీత పైనే ఉంటుందో లేదో తేలాలి కదా. చిన్నవాడు 4 కోట్లకు 16 శాతం దాటే చోటు వెతుకుతున్నాడు. దసరా లోపు ఇద్దరూ తమ అంకెలు తెచ్చి, D వరసలో కలిపి చూద్దామన్నారు.