సెల్ఫ్ బాగానే కొడుతున్నా స్టార్ట్-స్టాప్ ఎందుకు ఆగిపోతుంది?

సిగ్నల్ దగ్గర బండి ఆగగానే ఇంజిన్‌ను తానే ఆపి, కదిలేటప్పుడు మళ్ళీ స్టార్ట్ చేసే ఏర్పాటే స్టార్ట్-స్టాప్. దాని గురించి ఒక ఫార్వర్డు ఇలా తిరుగుతోంది:

"కారులో స్టార్ట్-స్టాప్ పనిచేయడం మానేస్తే కంగారు పడకండి. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే బండి స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీ బాగున్నట్టే. మార్చాల్సి వచ్చినా ఏజీఎం అక్కర్లేదు, అదంతా కంపెనీల దోపిడీ. అన్నే ఆంపియర్ అవర్లున్న మామూలు బ్యాటరీ చాలా తక్కువకి వస్తుంది. అది వేయించుకుని స్టార్ట్-స్టాప్ బటన్ ఆఫ్ చేసి పెట్టుకోండి. అందరికీ పంపండి."

ఇందులో చెప్పిన ఏజీఎం స్టార్ట్-స్టాప్ బండ్లలో వేసే ఒక రకం బ్యాటరీ, దాని సంగతి తర్వాత. ముందుగా సెల్ఫ్ సంగతి చూద్దాం. ఇంజిన్‌ను తిప్పడానికి స్టార్టర్ మోటారు దాదాపు 300 ఆంపియర్లు లాగుతుందనుకోండి. అంకె పెద్దదే, కానీ వేడెక్కిన ఇంజిన్ అర సెకనులో అందుకుంటుంది. లెక్క వేస్తే ఖర్చయ్యేది 0.04 ఆంపియర్ అవర్. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది లెక్కలోకే రాదు. సగం ఖాళీ అయిన బ్యాటరీ కూడా వెచ్చటి వాతావరణంలో ఆ అర సెకను పని చక్కగా చేసి పెడుతుంది. కాబట్టి పొద్దున బండి స్టార్ట్ అయిందంటే, ఆ క్షణానికి సరిపడా బలం ఉందని మాత్రమే తెలుస్తుంది. ఇంకా ఎంత మిగిలింది, ఇంజిన్ ఆగి ఉన్న రెండు నిమిషాలు బండిని పోషించగలదా అన్నది తెలియదు.

బండికి మాత్రం అది తెలుసు. ఇలాంటి చాలా కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ దగ్గర, క్లాంపును ఆనుకుని చిన్న నల్లటి డబ్బీ ఉంటుంది. దానికి సన్నటి వైరు వచ్చి ఉంటుంది. అదే బ్యాటరీ సెన్సర్. లోపలికి వెళ్తున్న, బయటికి వస్తున్న కరెంటును, ఓల్టేజీని, ఉష్ణోగ్రతను అది నిరంతరం కొలుస్తుంది. ప్రతి సెల్ఫ్‌కీ ఓల్టేజీ ఎంత పడిపోయిందో కూడా చూస్తుంది. ఛార్జ్ తగ్గినా, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఓల్టేజీ మరీ కిందికి జారుతున్నా, ఇప్పుడు ఇంజిన్ ఆపితే సిగ్నల్ దగ్గర మళ్ళీ స్టార్ట్ అవుతుందన్న భరోసా లేదని కంట్రోల్ యూనిట్ లెక్కవేస్తుంది. అంతే, ఇంజిన్‌ను ఆపడం మానేస్తుంది. హద్దు ఎక్కడన్నది కంపెనీని బట్టి మారుతుంది కానీ, బండి అసలు స్టార్ట్ కాని స్థాయి కన్నా అది బాగా పైనే ఉంటుంది. అందుకే బ్యాటరీ నీరసపడుతోందన్న మొదటి కబురు స్టార్ట్-స్టాప్ నుంచే వస్తుంది, సెల్ఫ్ మూలగడం ఆ తర్వాతెప్పుడో.

ఇక్కడ ఫార్వర్డు రాసినవారికి ఒక్క విషయంలో న్యాయం చేయాలి. స్టార్ట్-స్టాప్ ఆగిందంటే ప్రతిసారీ బ్యాటరీదే తప్పని కాదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉన్నా, ఏసీ గట్టిగా పనిచేస్తున్నా, బెల్టు పెట్టుకోకపోయినా, ఎత్తు మీద ఆగినా, డీజిల్ బండిలో ఫిల్టర్ శుభ్రమవుతున్నా ఇంజిన్ ఆగదు. ఇవన్నీ మామూలే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, ఏసీ ఆపి, సమతలంగా ఉన్న రోడ్డు మీద నిలిపినా రోజుల తరబడి ఆగకపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించాలి.

అనుమానం వచ్చిన వెంటనే కొత్త బ్యాటరీ కొనక్కర్లేదు. పొట్టి ప్రయాణాలు మాత్రమే చేసే బండిలో బ్యాటరీ మంచిదే అయినా ఆకలితో ఉంటుంది. ఏజీఎం మోడ్ ఉన్న ఛార్జర్‌తో రాత్రంతా నింపండి. ఛార్జర్ నల్ల క్లిప్పును బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు కాకుండా, ఇంజిన్ మీదో బాడీ మీదో ఎర్త్ కోసం ఇచ్చిన చోట పెట్టాలి. టెర్మినల్‌కే తగిలిస్తే కరెంటు సెన్సర్‌ను దాటేసి లోపలికి పోతుంది. బ్యాటరీ నిండినా బండి లెక్కల్లో ఖాళీగానే ఉండిపోతుంది. నింపాక బండిని లాక్ చేసి కొన్ని గంటలు కదపకుండా వదిలేస్తే, సెన్సర్ విశ్రాంతి ఓల్టేజీ చూసుకుని లెక్క సరిచేసుకుంటుంది. తర్వాత స్టార్ట్-స్టాప్ మళ్ళీ మొదలై కొన్ని వారాలు నిలిచిందంటే తప్పు మీ ప్రయాణాలది. రెండు రోజుల్లో మళ్ళీ ఆగిందంటే బ్యాటరీ అరిగిందనే అర్థం.

మల్టీమీటర్‌లో 12.5 ఓల్టులు చూసి నిశ్చింతగా ఉండకండి. అది ఛార్జ్ ఎంతుందో చెబుతుంది తప్ప ఆరోగ్యం ఎలా ఉందో చెప్పదు. చలిలో సెల్ఫ్‌కి ఎంత కరెంటు ఇవ్వగలదో లేబుల్ మీద యూరోపియన్ ప్రమాణం ఈఎన్ ప్రకారం రాసి ఉంటుంది. అక్కడ 760 ఆంపియర్లు, ఈఎన్ అని ఉన్న బ్యాటరీ టెస్టర్‌లో 450 చూపిస్తే, ఓల్టేజీ ఎంతున్నా దాని పని అయిపోవచ్చినట్టే. టెస్టర్‌లో ఏజీఎం, ఈఎన్ అని ఎంచుకున్నాకే కొలిచారో లేదో చూసుకోండి. మామూలు బ్యాటరీ సెట్టింగులో పెట్టి ఏజీఎంను కొలిస్తే వచ్చే అంకెకు విలువ లేదు.

ఇక అసలు గొడవ ఆంపియర్ అవర్లది. రెండు బ్యాటరీల మీదా 70 అని రాసి ఉంటే రెండూ ఒకటే అన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ అంకె, కొత్త బ్యాటరీని 20 గంటల పాటు మెల్లగా ఖాళీ చేస్తే ఎంత వస్తుందో చెబుతుంది, ఒక్కసారికి. రోజూ కొంత ఖాళీ చేసి మళ్ళీ నింపుతూ పోతే ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో అందులో లేదు. స్టార్ట్-స్టాప్ బండి అడిగేది ఆ ఓర్పునే.

ఒక ప్రయాణం లెక్క చూద్దాం. ట్రాఫిక్‌లో 20 చోట్ల ఆగారు, ఒక్కోచోట 45 సెకన్లు. మొత్తం 15 నిమిషాలు ఇంజిన్ ఆగి ఉంది. ఆ సేపూ హెడ్‌లైట్లు, బ్లోయరు, స్క్రీను, పంపులు కలిపి 40 ఆంపియర్లు లాగాయనుకుందాం. 10 ఆంపియర్ అవర్లు పోయాయి, అంటే బ్యాటరీలో ఏడో వంతు. అదే 20 సార్లు సెల్ఫ్ కొట్టినందుకు పోయింది ఒక్క ఆంపియర్ అవర్ కూడా లేదు. మాటిమాటికీ సెల్ఫ్ కొట్టడం వల్లే బ్యాటరీ పోతుందని చాలామంది అనుకుంటారు. దాన్ని అరగదీసేది నిజానికి ఆగి ఉన్నప్పటి ఈ వాడకమే. ఇలాంటి బ్యాటరీల కోసం ఉన్న యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 50342-6లో కూడా బ్యాటరీని 17.5 శాతం చొప్పున మళ్ళీ మళ్ళీ ఖాళీ చేసి నింపే పరీక్ష ఉంది. మన 14 శాతానికి అది దగ్గరలోనే ఉంది చూడండి.

మామూలు బ్యాటరీని ఈ పనికి చేయలేదు. ఒక్కసారి గట్టిగా కరెంటు ఇచ్చి, తర్వాత రోజంతా నిండుగా కూర్చోవడానికి చేశారు. దాన్ని పదేపదే లోతుగా వాడితే పాజిటివ్ ప్లేటు మీది ముద్ద మెత్తబడి రాలిపోతుంది. ఆసిడ్‌లో బరువైన భాగం అడుగుకు దిగుతుంది, పైన పలచబడుతుంది. అడుగున ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ భాగం పనికిరాకుండా పోతుంది. ఇందులో మోసం ఏమిటంటే, అడుగున చేరిన చిక్కటి ఆసిడ్ వల్ల ఓల్టేజీ మాత్రం బాగానే కనిపిస్తుంది. బ్యాటరీ సగం చచ్చినా మీటరు బాగుందనే అంటుంది.

ఏజీఎంలో ఆసిడ్ విడిగా ఉండదు. ప్లేట్ల మధ్య సన్నటి గాజుపీచు చాప ఉంటుంది. అద్దుడు కాగితం సిరాను పట్టుకున్నట్టు అది ఆసిడ్ మొత్తాన్ని పీల్చుకుని పట్టుకుంటుంది. ఆసిడ్ పైకీ కిందికీ విడిపోయే వీలు తక్కువ. చాపను నొక్కి పెట్టి బిగించడం వల్ల ప్లేటు మీది ముద్ద రాలదు. లోపలి నిరోధం తక్కువ కాబట్టి ఛార్జ్‌ను వేగంగా తీసుకుంటుంది. మామూలు దానితో పోలిస్తే ఇలా వాడి నింపే పని, మామూలుదాన్నే గట్టిపరిచి చేసిన ఈఎఫ్‌బీ రకం రెండింతలు, ఏజీఎం మూడింతలు లేదా అంతకు మించి తట్టుకుంటుందన్నది తయారీదారులు సాధారణంగా చెప్పే లెక్క. ధరలో తేడా ఇక్కడినుంచే వస్తుంది. కంపెనీలు లాభం వేసుకోవని నేను అనను, కానీ ఇది లేబుల్ మార్చి అమ్మే సరుకు మాత్రం కాదు.

బటన్ ఆఫ్ చేసుకుంటే చాలన్న సలహా మాటేమిటి? ముందు చిన్న విషయం: చాలా బండ్లలో ఇంజిన్ ఆపి మళ్ళీ తీస్తే ఆ బటన్ తిరిగి ఆన్ అయిపోతుంది. అసలు విషయం వేరే ఉంది. ఆ బటన్ ఆపేది సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగడాన్ని మాత్రమే. ఆల్టర్నేటర్ నడిచే తీరును అది ముట్టుకోదు. పాత బండ్లలో ఆల్టర్నేటర్ ఎప్పుడూ 14 ఓల్టుల పైన నిలకడగా ఇస్తూ బ్యాటరీని నిండుగా ఉంచేది. ఇప్పటి స్మార్ట్ ఛార్జింగ్ బండ్లు ఇంధనం ఆదా చేయడానికి బ్యాటరీని కావాలనే 80 శాతం దగ్గర ఉంచుతాయి. యాక్సిలరేటర్ తొక్కితే ఛార్జింగ్ తగ్గిస్తాయి. కాలు తీసి బ్రేక్ వేసిన ఆ కొద్ది సెకన్లలో ఓల్టేజీ పెంచి ఒక్కసారిగా కుక్కుతాయి. ఆ వేగానికి తీసుకోవడం ఏజీఎంకు తెలుసు. మామూలు బ్యాటరీ అందులో కొంతే మింగగలుగుతుంది. పైగా ఎప్పుడూ సగం కడుపుతో ఉండటం వల్ల సల్ఫేటు పేరుకుపోతూనే ఉంటుంది. బటన్ ఏ స్థితిలో ఉన్నా జరిగేది ఇదే.

లెక్కలు కూడా తప్పుతాయి. పూర్తిగా నిండిన ఏజీఎం విశ్రాంతిలో 12.8 నుంచి 12.9 ఓల్టులు చూపిస్తుంది, మామూలుది ఇంచుమించు 12.7. ఏజీఎం అని నమ్మి కూర్చున్న బండి, నిండిన మామూలు బ్యాటరీ కూడా ఇంకా నిండలేదనుకుని మరింత ఎక్కించబోతుంది. లోపలి నీరు వాయువులుగా విడిపోయి తగ్గిపోతుంది. మూత తీసి నీళ్ళు పోసే వీలు లేని బ్యాటరీ అయితే ఇక చేసేదేమీ లేదు. బ్యాటరీ డిక్కీలోనో సీటు కిందో ఉన్న బండిలో వాయువులు మనం కూర్చునే చోటికి రాకుండా వెంట్ పైపు తగిలించారా లేదా అన్నది వేరే టెన్షన్.

మరి ఈ ఫార్వర్డు ఇంతమందికి ఎందుకు నచ్చింది? ఎందుకంటే మామూలు బ్యాటరీ వేసిన మొదటి నెలల్లో అంతా బాగుంటుంది. కొత్తది కాబట్టి స్టార్ట్-స్టాప్ కూడా పనిచేస్తుంది. "నాకు ఏ ఇబ్బందీ లేదు" అన్న సాక్ష్యాలన్నీ ఆ నెలల్లో రాసినవే. బ్యాటరీ పోయాక ఎవరూ వెనక్కి వచ్చి రాయరు. బ్రాండు బాగాలేదని మరో మామూలు బ్యాటరీ వేయించుకుంటారు.

అలాగని అందరూ ఏజీఎమే కొనాలని కాదు. బండికి స్టార్ట్-స్టాప్, స్మార్ట్ ఛార్జింగ్ రెండూ లేకపోతే మామూలుదే సరి. కంపెనీ ఈఎఫ్‌బీ ఇచ్చిన బండికి ఈఎఫ్‌బీనే వేయండి. ఇంజిన్ పక్కన వేడిగా ఉండే చోట ఏజీఎం త్వరగా ఎండిపోతుంది కాబట్టి, బండి పుస్తకం ఒప్పుకుంటేనే దానికి మారాలి. కంపెనీ ఏజీఎం ఇచ్చి ఉంటే మాత్రం కిందికి దిగకూడదు.

సరైన బ్యాటరీ వేయించాక కొన్ని బండ్లలో, ముఖ్యంగా బీఎండబ్ల్యూ, ఆడి లాంటివాటిలో, కొత్త బ్యాటరీ వచ్చిందని స్కానర్‌తో నమోదు చేయాలి. రకం గానీ సామర్థ్యం గానీ మారితే బండి కంప్యూటర్‌లో ఆ వివరం కూడా మార్చాలి. చేయకపోతే పాత ముసలి బ్యాటరీ లెక్కలతోనే కొత్తదాన్ని ఛార్జ్ చేస్తుంది, స్టార్ట్-స్టాప్ కూడా తిరిగి రాకపోవచ్చు. బిగించేవారి దగ్గర ఆ స్కానర్ ఉందో లేదో పాత బ్యాటరీ నట్లు విప్పకముందే అడగండి.