నాలుగు వారాల మనోవైద్య శిక్షణకు మెడికల్ వార్డే కేంద్రం కావాలి

ఎంబీబీఎస్ తుది పరీక్షల్లో మనోవైద్యానికి విడిగా పేపరు లేదు. జనరల్ మెడిసిన్‌లోనే అదొక భాగం. అందువల్ల సైకియాట్రీ పోస్టింగ్ అంటే విద్యార్థులకు కాస్త ఊపిరి పీల్చుకునే కాలంగానూ, బోధకులకు స్కిజోఫ్రీనియా, బైపోలార్ వ్యాధుల లక్షణాలు వరుసగా చెప్పి ముగించే కాలంగానూ చాలాచోట్ల స్థిరపడిపోయింది. కానీ ఈ విద్యార్థుల్లో అత్యధికులు మనోవైద్యులు కారు. రేపు వారు క్యాజువాల్టీలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో కూర్చుంటారు. గుంటూరు, విజయవాడ పరిసరాల్లో అక్కడ వారికి ఎదురయ్యే మనోవైద్య సమస్యల్లో ప్రాణం మీదికి తెచ్చేది పురుగుల మందు తాగి వచ్చిన మనిషి. పల్నాడు మిర్చి, పత్తి పొలాలున్న ఊళ్లలో ఆ డబ్బా ఇంట్లో చేతికందేంత దూరంలో ఉంటుంది. ఆ మనిషికి అట్రోపిన్ ఎక్కించడం మన వైద్య కళాశాలలు బాగానే నేర్పుతున్నాయి. స్పృహలోకి వచ్చాక అతనితో ఏం మాట్లాడాలో, ఇంటికి పంపేముందు ఏం తేల్చుకోవాలో నేర్పేది ఎవరు? నాలుగు వారాల పాఠ్యప్రణాళికను ఈ ప్రశ్న చుట్టూ అల్లాలన్నది నా వాదన.

ప్రణాళికను చివరి రోజు నుంచి వెనక్కి రాసుకోవడం మేలు. పోస్టింగ్ ముగిసేనాటికి విద్యార్థి ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన వ్యక్తితో పర్యవేక్షణలో మాట్లాడి, ప్రమాదస్థాయిని అంచనా వేసి, డిశ్చార్జి ప్రణాళిక రాయగలగాలి. ఇది ప్రధాన ఫలితం. దీనికి తోడ్పడేవి మరో మూడు చాలు: మానసిక స్థితి పరీక్ష చేసి రోగి మాటలతోనే రాయగలగడం, తికమకలో ఉన్న రోగిని చూసి అది శరీర సంబంధమైన డెలిరియమా, మానసిక వ్యాధా అని వేరు చేయగలగడం, డిప్రెషన్‌కూ మద్యం మానినప్పటి లక్షణాలకూ మొదటి చికిత్స ప్రారంభించగలగడం. 2019లో వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక ప్రతి నైపుణ్యాన్నీ తెలుసు, ఎలా చేయాలో తెలుసు, చేసి చూపగలరు, స్వయంగా చేయగలరు అనే మెట్లలో చూస్తుంది. ప్రధాన ఫలితం ‘చేసి చూపగలరు’ అన్న మెట్టుదాకా చేరాలి. అంతకు తక్కువైతే ఈ నాలుగు వారాలకు అర్థం లేదు.

కాలం ఎంత ఉందో కూడా లెక్క చూసుకోవాలి. రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజుల చొప్పున మొత్తం 60 గంటలు. ఇందులో ఉపన్యాసాలకు చోటు ఇవ్వకూడదు, వాటికి థియరీ గంటలు వేరే ఉన్నాయి. మొదటి వారం ఓపీలో సంభాషణ నేర్పడానికి పోతుంది. పదిహేను మంది ఒక రోగి చుట్టూ నిలబడితే ఎవరూ ఏమీ నేర్చుకోరు, రోగి కూడా నోరు విప్పడు. కాబట్టి ఇద్దరిద్దరుగా పంపాలి. ఒకరు మాట్లాడతారు, మరొకరు గమనించి రాస్తారు. రోగి ‘గుండె దడ, ఒళ్లంతా మంటలు’ అంటే దాన్ని వెంటనే ఆందోళన రుగ్మతగా మార్చి రాయకుండా, ఆ మాటల్నే కేస్‌షీట్‌లో పెట్టడం అలవాటు చేయాలి. రెండో వారం సైకియాట్రీ వార్డులో సైకోసిస్, మూడ్ రుగ్మతలు, మద్యపానం చూస్తారు. దీని గురించి పాఠ్యపుస్తకాలు చెప్పినదానికి కొత్తగా చేర్చవలసింది పెద్దగా లేదు.

మూడో వారమే కీలకం. ఆ వారం విద్యార్థులు సైకియాట్రీ విభాగం వదిలి, మనోవైద్యుడితో కలిసి మెడికల్ వార్డులకు, అక్యూట్ మెడికల్ కేర్‌కు వెళ్లాలి. అక్కడ నేర్పవలసింది ఎలా ఉంటుందో చూపడానికి బోధన కోసం కూర్చిన ఒక కేసును తీసుకుందాం. రోగి 34 ఏళ్ల కౌలు రైతు. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుల మందు తాగాడు. మూడో రోజు రాత్రి నుంచి పిచ్చిగా మాట్లాడుతున్నాడనీ, ఎవరో కనిపిస్తున్నారంటున్నాడనీ మెడికల్ యూనిట్ సైకియాట్రీకి కబురు పెట్టింది. విద్యార్థి మొదట చేయవలసిన పని ప్రశ్నలు అడగడం కాదు, రోగి ఒంటిని చూడడం. చంకలు పొడిగా, చర్మం వేడిగా, నోరు ఎండిపోయి, కంటిపాపలు విప్పారి, నాడి వేగంగా ఉండి, రోగి దుప్పటిలోంచి లేని దారాలు ఏరుతుంటే అది అట్రోపిన్ ఎక్కువైన డెలిరియం. చెమటతో తడిసి, చేతులు వణుకుతూ, బీపీ పెరిగి ఉంటే మద్యం ఆగిపోయినందువల్ల వచ్చిన డెలిరియం ట్రెమెన్స్ కావచ్చు. ఇది సాధారణంగా చివరి తాగుడు తర్వాత 48 నుంచి 96 గంటల మధ్య కనిపిస్తుంది. చిక్కేమిటంటే అట్రోపిన్ చెమటనూ ఆపేస్తుంది. రెండూ కలిసి ఉన్న రోగిలో చెమట గుర్తు పనికిరాదు. అప్పుడు చేతి వణుకు, చివరిసారి ఎప్పుడు తాగాడో ఇంటివాళ్లు చెప్పే సమయం ఆధారం అవుతాయి. అట్రోపిన్ డెలిరియమైతే ఆ మందు తగ్గించమని మెడికల్ యూనిట్‌తో మాట్లాడాలి. మద్యం వల్ల వచ్చినదైతే థయమిన్, శ్వాసను గమనిస్తూ బెంజోడయజిపైన్లు కావాలి. పురుగుల మందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో శ్వాసకండరాలు బలహీనపడే ముప్పు కూడా ఉంటుంది. దిండు మీది నుంచి తల ఎత్తమని రోగిని అడిగితే, ఎత్తలేకపోవడం దానికి తొలి హెచ్చరిక. ఈ పరీక్ష చేయకుండా మత్తు మందు రాసే విద్యార్థి పరీక్షలో తప్పినట్టే లెక్క.

డెలిరియం తగ్గి, రోజు, తేదీ, చోటు సరిగ్గా చెప్పగలిగాకే అసలు సంభాషణ మొదలవ్వాలి. మంచం చుట్టూ భార్య, అన్న, ఇద్దరు ఊరివాళ్లు ఉంటారు. కేస్‌షీట్‌లో ‘కడుపునొప్పి భరించలేక తాగాడు’ అని ఉంటుంది. ఆ వాక్యం చాలా షీట్లలో కనిపిస్తుంది, దాన్ని అక్కడితో వదిలేయడానికి వీల్లేదు. బంధువులను కాసేపు బయట ఉండమని మర్యాదగా చెప్పి, తెర లాగి, కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ‘అన్నా, రాత్రి నిద్ర పట్టిందా?’ అన్నచోట మొదలుపెట్టి, ‘ఇట్లా బతికేకంటే పోవడమే మేలనిపించిందా?’ అన్న ప్రశ్నదాకా మెట్టుమెట్టుగా రావాలి. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం విద్యార్థుల్లో బలంగా ఉంటుంది. అది నిజం కాదని చెప్పడం ఒక్కటే చాలదు. బోధకుడు వారి ముందే ఆ ప్రశ్న అడగాలి. రోగి ముఖంలో వచ్చే నెమ్మది వారు కళ్లారా చూడాలి.

తర్వాత మందు తాగిన రోజును గంటగంటగా తిరగేయాలి. మందు అందుకోసమే తెచ్చాడా, పొలానికి తెచ్చిందే చేతికి దొరికిందా? తలుపు వేసుకున్నాడా? తాగాక ఎవరికైనా చెప్పాడా? బతికినందుకు ఇప్పుడేమనుకుంటున్నాడు? మన కేసులో రైతు సాయంత్రం మద్యం తాగి, అప్పు విషయంలో ఇంట్లో గొడవపడి, వసారాలో ఉన్న డబ్బా ఎత్తి తాగి, వెంటనే తనే కేక వేశాడు. చనిపోవాలన్న ఉద్దేశం అంత గట్టిది కాదు, తాగినది మాత్రం ప్రాణాంతకమైనది. ఈ రెంటినీ విడివిడిగా అంచనా వేయడమే విద్యార్థి నేర్చుకోవలసిన వివేచన. ఉద్దేశం బలంగా లేదు కనుక ప్రమాదం తక్కువని రాస్తే తప్పు. అదే డబ్బా వసారాలో ఇంకా ఉంటే, మళ్లీ తాగి గొడవపడిన రోజున ప్రాణం పోవచ్చు. ఇంకాస్త అడిగితే రెండు నెలలుగా తెల్లవారుజామునే మెలకువ, అన్నం సయించకపోవడం, పొలం వైపు వెళ్లబుద్ధి కాకపోవడం బయటపడతాయి. అంటే మద్యం సమస్య వెనక డిప్రెషన్ కూడా ఉండి ఉండవచ్చు. మద్యం ఆపాక మళ్లీ చూసి నిర్ధారించాలి.

డిశ్చార్జి ప్రణాళిక దీని నుంచే పుడుతుంది. ఇంట్లో ఉన్న మందులు ఎవరి దగ్గర, ఏ తాళం కింద ఉంటాయో భార్యతోనూ అన్నతోనూ పేరు పెట్టి తేల్చుకోవాలి. మొదటి వారం రోగి ఒంటరిగా ఉండకుండా ఎవరు చూస్తారో రాయాలి. డిప్రెషన్‌కు మందు మొదలుపెడితే అమిట్రిప్టిలిన్ వంటివి నెలకు సరిపడా చేతికివ్వకూడదు, ఎక్కువ మోతాదులో అవి ప్రాణం తీస్తాయి. ఎసిటాలోప్రామ్ వంటిది వారానికే ఇచ్చి, వారంలోపే ఓపీకి తేదీ ఇవ్వాలి. టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసి చేతిలో పెట్టాలి. పోలీసుల భయం కూడా తీర్చాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే చట్టం భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ లేదు. మెడికో లీగల్ కేసుగా నమోదు చేయడం ఆసుపత్రి పని. దాన్ని చూపి రోగిని భయపెట్టడం వైద్యుడి పని కాదు.

ఇవన్నీ సంతకాల లాగ్‌బుక్‌తో తేలే విషయాలు కావు కనుకే మూల్యాంకనం మారాలి. ఆత్మహత్య ప్రమాదాన్ని మార్కులతో లెక్కగట్టే స్కేళ్లు పరీక్షలో దిద్దడానికి ఎంతో సులువు. కానీ ఎవరు మళ్లీ ప్రయత్నిస్తారో అవి నమ్మకంగా చెప్పలేవు. అందుకే భవిష్యత్తును ఊహించడానికి వాటిని వాడవద్దని బ్రిటన్‌లోని నైస్ మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. వాటిని బట్టీ పట్టించి మార్కులిస్తే విద్యార్థి స్కోరు వేస్తాడు, మనిషిని చూడడు. దీనికి బదులు రెండో, మూడో వారాల్లో ఒక్కోసారి, నిజమైన రోగితో పదిహేను నిమిషాల సంభాషణను బోధకుడు పక్కన ఉండి చూసి, అక్కడికక్కడే ఐదు నిమిషాలు మాట్లాడాలి. చివర్లో ఓస్కీ స్టేషన్ ఉండాలి. అందులో రోగి పాత్రను పీజీ విద్యార్థి గానీ, సైకియాట్రిక్ సోషల్ వర్కర్ గానీ పోషిస్తారు. సంభాషణ మొత్తం తెలుగులోనే సాగాలి. అఖిల భారత కోటాలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఇది కష్టమే, వారికి మొదటి వారంలోనే పది పన్నెండు వాక్యాలు నేర్పి సాధన చేయించాలి.

ఓస్కీలో ఒక లోపం తరచూ కనిపిస్తుంది. చెక్‌లిస్ట్ మాత్రమే చూసి మార్కులిస్తే, ‘చనిపోవాలనిపిస్తోందా’ అని వేగంగా అడిగి జవాబు వినకుండా తర్వాతి ప్రశ్నకు దూకే విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి. అందుకని సగం మార్కులు పరీక్షకుడి సమగ్ర అంచనాకూ, ‘మీకు ఇంకాస్త చెప్పాలనిపించిందా’ అని పాత్రధారిని అడిగి రాసుకునే అభిప్రాయానికీ కేటాయించాలి. మిగిలిన భాగంలో ఒక పేజీ డిశ్చార్జి ప్రణాళిక రాయించాలి. అందులో పురుగుల మందు ఎక్కడ ఉందో, ఎవరి చేతిలోకి వెళ్లిందో లేకపోతే మిగతావన్నీ బాగున్నా పాసు చేయకూడదు.

బ్యాచ్‌లో ఆత్మహత్య వల్ల ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారో, తామే ఆ అంచుదాకా వెళ్లినవారో ఉండవచ్చని మొదటి రోజునే గుర్తుంచుకోవాలి. కారణం చెప్పనవసరం లేకుండా స్టేషన్ మార్చుకునే వీలు, విభాగం బయటి కౌన్సెలర్‌ను కలిసే వీలు రాతపూర్వకంగా కల్పించాలి. స్టేషన్‌లో తప్పినవారికి మార్కులు తగ్గించి వదిలేయడం కాకుండా, మరో వారం మధ్యాహ్నాలు మెడికల్ వార్డుల్లో మనోవైద్యుడు చేసే లయజాన్ రౌండ్‌కు పంపి మళ్లీ పరీక్షించాలి. దీనికి కావలసింది ఒక సీనియర్ రెసిడెంట్ సమయం, మెడికల్ వార్డులో తెర ఉన్న ఒక మూల, రెండు కుర్చీలు. ఈ పద్ధతిని ఎండ్ పోస్టింగ్ మార్కుల్లో భాగం చేస్తే విద్యార్థులు ఆ నాలుగు వారాలను తప్పించుకునే అవకాశం ఉండదు.