పదో తరగతి పరీక్షలో ఆ చివరి అరగంట

పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో ఇన్విజిలేటరుగానూ స్పాట్ వాల్యుయేషన్‌లో ఎగ్జామినరుగానూ ఎన్నో ఏళ్లు పనిచేసిన ఉపాధ్యాయుడిని నేను. పిల్లలు చదివి రాసిన జవాబుకు మార్కులు రాకుండా పోయే ఒక చోటు గురించి ఇక్కడ రాయదలిచాను.

తెలంగాణలో 80 మార్కుల పేపర్ల పరీక్ష 9.30కు మొదలై 12.30కు ముగుస్తుంది. వాటిలో 20 మార్కుల పార్ట్-బి, అంటే బిట్ పేపర్‌ను చివరి అరగంటలో ఇచ్చే పద్ధతిలోనే నేను ఎక్కువ కాలం పనిచేశాను. ముందే ఇస్తే గదిలో గుసగుసలతో జవాబులు పాకిపోతాయన్న భయం న్యాయమైనదే. అయితే ఆ అరగంటలోనే పిల్లవాడు పెద్ద ప్రశ్న ముగించాలి, బిట్లు పెట్టాలి, అడిషనల్ షీట్లన్నీ వరుసలో పెట్టి, మ్యాప్, గ్రాఫ్, బిట్ పేపర్లను కలిపి దారంతో కట్టాలి. పరీక్ష మొత్తంలో అతి తక్కువ ఓపిక మిగిలి ఉన్న సమయానికి అతి ఎక్కువ జాగ్రత్త కావలసిన పనులు వచ్చి పడుతున్నాయి.

ఈ కట్టడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే బార్‌కోడ్ సంగతి తెలియాలి. పిల్లవాడి పేరు, హాల్‌టికెట్ నంబరు ముద్రించిన ఓఎంఆర్ షీట్‌ను మెయిన్ ఆన్సర్ షీట్‌కు పిన్ చేసి, ఆ పిన్ మీద స్టిక్కరు అంటిస్తారు. దిద్దడానికి ముందే పేరున్న భాగాన్ని వేరుచేస్తారు కాబట్టి, దిద్దేవారికి కనిపించేది బార్‌కోడ్ మాత్రమే, ఆ పేపరు ఎవరిదో తెలిసే దారి ఉండదు. లోపల ఎక్కడా పేరు గానీ, హాల్‌టికెట్ నంబరు గానీ, సంతకం గానీ రాయకూడదు. రాస్తే మాల్‌ప్రాక్టీసు కింద లెక్క. అందువల్ల విడిగా ఉండే ప్రతి కాగితాన్నీ ఆ పిల్లవాడితో కలిపేది ఒక్కటే: మెయిన్ షీట్ మీది సీరియల్ నంబరు. దాన్ని ప్రతి అడిషనల్ షీట్ మీద, మ్యాప్ మీద, బిట్ పేపర్ మీద రాసి తీరాలి.

నాలుగు పేజీల మెయిన్ షీట్లు ఇచ్చే రోజుల్లో, ఒక సాంఘిక శాస్త్రం పరీక్షనాడు, ఒకమ్మాయి 11.50కి మూడో అడిషనల్ అడిగింది. సంతకం చేసి ఇచ్చాను. అది చేతికందిన పది నిమిషాలకే బిట్ పేపర్ వచ్చింది. షీట్ మీద నంబరు రాయడం ఆమె మరిచిపోయింది, నేనూ గమనించలేదు. ఆఖరి గంట మోగాక అందరినీ కూర్చోబెట్టి నేను పేపర్లు లెక్కపెడుతుండగా, ఇచ్చిన షీట్లలో ఒకటి తగ్గింది. ఆమె పరీక్ష అట్ట కింద దొరికింది. రెండు పేజీల నిండా రాసి ఉంది, నంబరు లేదు, పేరు ఎలాగూ ఉండదు. ఆమె ఇంకా గదిలోనే ఉంది కాబట్టి చీఫ్ సూపరింటెండెంటు గారికి చెప్పి, ఎదురుగానే నంబరు రాయించి, విప్పి మళ్లీ కట్టించాము. ఆమె గేటు దాటి ఉంటే ఆ రెండు పేజీలు చెత్తకాగితాలే.

అందుకే సమయం పూర్తయ్యేదాకా ఎవరినీ బయటికి పంపకూడదన్న నిబంధనను నేను గట్టిగా సమర్థిస్తాను. 2023 ఏప్రిల్‌లో తాండూరులో తెలుగు పేపరు, మర్నాడు కమలాపూర్‌లో హిందీ పేపరు పరీక్ష జరుగుతుండగానే ఫోన్లలో బయటికి పాకిన తరువాత, ప్రశ్నపత్రంతో ముందుగా బయటికి వెళ్లే వీలు ఎందుకు ఉండకూడదో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే గంట మోగినాక కూడా లెక్క తేలేవరకు పిల్లలను బెంచీలమీదే ఉంచడం అంతకంటే అవసరం. అది చాలా గదుల్లో జరగడం లేదు. గంట మోగగానే పేపర్లు గుంజుకొని, పిల్లలను పంపేసి, లెక్క తరువాత చూస్తారు.

2025 మార్చి పరీక్షల నుంచి నాలుగు పేజీల మెయిన్ షీట్‌కు బదులు 24 పేజీల బుక్‌లెట్ రావడం ఎంతో మేలు చేసింది. ఇంటర్‌లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది, అక్కడ అదనపు పత్రం ఇవ్వరు కూడా. కానీ గ్రాఫ్, మ్యాప్ వంటివి ఇప్పటికీ విడి కాగితాలే. దారం, నంబరు వాటికి అవసరమే.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. రాసే సమయం 12.30కు ముగిసిన తరువాత, కలం కింద పెట్టించి, కట్టడానికీ నంబర్లు సరిచూడటానికీ ఇన్విజిలేటరు ఎదుట ఐదు నిమిషాలు విడిగా ఇవ్వాలి. ఇక తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటుంది: ఏ విడి కాగితమైనా ఇచ్చినప్పుడు, మీ సంతకం చేసేముందే పిల్లవాడి చేత సీరియల్ నంబరు రాయించండి. పది సెకన్ల పని. అడిగితే విసుక్కుంటారేమో అని చివరిదాకా ఆగి, జవాబు ఇరికించి రాసే పిల్లలను నేను ప్రతి గదిలోనూ చూశాను. వాళ్ల దగ్గరికి మనమే వెళ్లి, ఇంకేమైనా కావాలా అని 11.45కే అడగాలి.