క్రాస్ ఎగ్జామినేషన్‌లో అసలు ప్రశ్న దర్యాప్తు అధికారికే

సాక్షి మాట మార్చాడని అరిచి చెప్పినంత మాత్రాన కోర్టులో వైరుధ్యం రుజువు కాదు. దానికో పద్ధతి ఉంది. ఆ పద్ధతిని సగంలో వదిలేయడం వల్లే చాలా కేసుల్లో డిఫెన్సు దెబ్బతింటుందని నా అభిప్రాయం.

ఒక ఊహాజనిత హత్య కేసు తీసుకుందాం. మొదటి సాక్షి కోర్టులో, 'నిందితుడు కత్తితో పొడవడం వీధి దీపం వెలుగులో కళ్లారా చూశాను' అన్నాడు. దర్యాప్తులో పోలీసులు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 161 కింద రాసుకున్న స్టేట్‌మెంట్‌లో మాత్రం, 'కేకలు విని వెళ్లాను, అప్పటికే హతుడు రక్తపు మడుగులో ఉన్నాడు' అని ఉంది. నిందితుడి లాయర్ ముందుగా సాక్షి కోర్టులో చెప్పిన మాటనే స్పష్టంగా మళ్లీ చెప్పించాలి: ఎక్కడ నిలబడ్డారు, ఎంత దూరం, పొడవడం మొదటి నుంచీ చూశారా? సాక్షి ఆ మాటకు పూర్తిగా కట్టుబడ్డాకే పాత వాక్యాన్ని అతని ముందు పెట్టాలి. స్టేట్‌మెంట్ మొత్తం కాదు, తేడా ఉన్న ఆ భాగం మాత్రమే. అతను ఒప్పుకుంటే అక్కడితో రుజువైనట్టే. 'నేనలా చెప్పలేదు' అంటే ఆ భాగాన్ని తర్వాత రుజువు చేసే షరతుతో డిఫెన్సు తరఫు మొదటి పత్రంగా, అంటే ఎగ్జిబిట్ డి-1గా గుర్తిస్తారు. ఇక్కడ 'మరి ఎందుకు మార్చారు?' అని అడగడం పెద్ద పొరపాటు. సాక్షికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం మనమే ఇచ్చినట్టవుతుంది.

ఇక రెండో సగం. 161 స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం ఉండదు కాబట్టి, దాన్ని రాసిన దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, 'మొదటి సాక్షి మీ ముందు డి-1లో ఉన్నట్టు చెప్పాడా?' అని అడగాలి. ఆయన అవునన్నాకే వైరుధ్యం రుజువవుతుంది. నెలల తర్వాత వచ్చే ఈ ఒక్క ప్రశ్న మర్చిపోతే అంతకుముందు చేసిన క్రాస్ అంతా వృథా.

స్టేట్‌మెంట్‌లో అసలు లేని విషయాన్ని సాక్షి కోర్టులో కొత్తగా చెబితే? దీనిపై 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాసింది మన జస్టిస్ కోకా సుబ్బారావు. చెప్పకుండా వదిలేసిన ప్రతి విషయమూ వైరుధ్యం కాదని, రెండు మాటలూ ఒకేసారి నిజం కాలేనప్పుడు అది వైరుధ్యమవుతుందని అందులో తేల్చారు. పొడిచినవాడు ఉత్తరం సందులోకి పారిపోయాడని పోలీసులకు చెప్పి, కోర్టులో దక్షిణం వైపు అంటే రెండూ పొసగవు. చొక్కా రంగు చెప్పడం మర్చిపోతే మాత్రం దాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. అలాంటి చిల్లర తేడాలు పాతిక ఏరి చూపిస్తే జడ్జి దృష్టిలో అసలు వైరుధ్యం కూడా పలచబడుతుంది.

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. పాత మాటను సాక్షి ముందు పెట్టి నిలదీయడం గురించి చెప్పే పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 145 కొత్త సాక్ష్య చట్టంలో 148 అయింది. పద్ధతి మాత్రం అదే, దాని పరిమితీ అదే. డి-1 రుజువైనంత మాత్రాన అందులో ఉన్నది నిజమని కోర్టు తీసుకోదు. కళ్లారా చూశానన్న సాక్షి మాటను ఎంతవరకు నమ్మాలో తేల్చడానికే అది పనికొస్తుంది.